ఆ అక్షరం డీనా, డబ్ల్యూనా?

హైదరాబాద్ నుంచి వచ్చే రైలు పట్టాలు వికారాబాద్ జంక్షన్ దగ్గర రెండుగా చీలుతాయి. ఒకటి బీదర్ వైపు పోతుంది, ఇంకొకటి తాండూరు మీదుగా వాడి వైపు. ఈ ప్రాంతంలో జబ్బు ముదిరితే చాలామంది హైదరాబాద్ రైలో బస్సో ఎక్కుతారు. తాండూరు, బషీరాబాద్ వైపు వాళ్ళలో కొందరు సరిహద్దు దాటి కలబురగి డాక్టర్ల దగ్గరికి వెళతారు. తిరిగి వచ్చేటప్పుడు అందరి చేతిలోనూ ఒక మందుల చీటీ ఉంటుంది.

డాక్టరు కూర్చునే ఆసుపత్రి కిందే ఉన్న మెడికల్ షాపులో ఆ చీటీతో ఇబ్బంది రాదు. ఆ చేతిరాత అక్కడివాళ్ళకు రోజూ అలవాటే. ఆ డాక్టరు ఏ కంపెనీ మందు రాస్తాడో, ఎన్ని రోజులకు రాస్తాడో వాళ్ళకు తెలుసు. సగం గీత చూడగానే సరైన పెట్టె మీదికి చెయ్యి పోతుంది. చిక్కు మొదలయ్యేది నెల తర్వాత. మందులు అయిపోయాక అదే చీటీ, నాలుగు మడతలు పడి, చెమటకు సిరా అలికిపోయి, తాండూరులోనో పరిగిలోనో కొడంగల్‌లోనో ఒక కౌంటరు మీదికి వస్తుంది. ఇక్కడి ఫార్మసిస్టు ఆ డాక్టరును చూడలేదు, ఆ చేతిరాతను చూడడం కూడా ఇదే మొదటిసారి. "సార్, గివే గోలీలు ఇంకో నెలకియ్యి, బస్సుకు టైమైతున్నది" అంటూ ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు. తప్పు జరగడానికి అనువైన క్షణం అదే.

చీటీ చదవడమంటే అక్షరాలు గుర్తుపట్టడమే అని చాలామంది అనుకుంటారు. అనుభవమున్న ఫార్మసిస్టు అలా చదవడు. రోగి ఎవరు, జబ్బేమిటి, మందు పవర్ ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులకు అని చూసుకుంటూ, ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసిగితేనే పేరును నమ్ముతాడు. ఒక్కటి పొసగకపోయినా ఆగుతాడు. అన్నీ పొసిగినట్టు కనిపించినా ఆగవలసిన సందర్భాలు కొన్ని ఉంటాయి. అదెలాగో ఒక చీటీ ముందు పెట్టుకుని చూద్దాం. ఇది ఎవరి చీటీ కాదు, విషయం చెప్పడానికి కూర్చింది. ఇందులోని మందులు మాత్రం అన్నీ మన షాపుల్లో నిత్యం అమ్ముడుపోయేవే.

ఆరు వరుసల చీటీ

తాండూరులో నాపరాయి బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేసే నలభై అయిదేళ్ళ మహిళ అనుకుందాం. పొద్దున లేవగానే చేతివేళ్ళు బిగుసుకుపోతాయి, మణికట్లు వాస్తాయి. హైదరాబాద్‌లో కీళ్ళ డాక్టరుకు చూపించుకుంది. చీటీ పైన పేరు, వయసు, తేదీ ఉన్నాయి. పక్కన చిన్నగా ‘ఆర్ఏ’ అని ఉంది. అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన మాటల్లో కీళ్ళవాతం. కింద ఆరు వరుసలున్నాయి.

అలవాటు లేనివాళ్ళు మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టి, అర్థం కాని చోట ఆగి, అక్కడే ఊహకు దిగుతారు. ముందుగా చదవవలసింది స్పష్టంగా ఉన్న వరుసలను. ఈ చీటీలో మూడు, నాలుగు, అయిదు వరుసలు బాగానే ఉన్నాయి. మూడోది హెచ్‌సీక్యూఎస్ 200, రాత్రి ఒకటి. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఈ మందు కీళ్ళవాతానికి రాసేదే. నాలుగోది వైసోలోన్ 5, పొద్దున తిన్నాక ఒకటి, పది రోజులు. ఇది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, వాపు తొందరగా తగ్గడానికి. అయిదోది పాన్ 40, అదే పది రోజులు పరగడుపున. స్టెరాయిడ్ వేసుకునే రోజుల్లో కడుపు మంట రాకుండా ఇచ్చారని అర్థమవుతుంది. ఈ మూడూ పైనున్న ‘ఆర్ఏ’తో సరిపోయాయి. ఇప్పుడు మిగతా మూడు వరుసలు ఏ దారిలో ఉండాలో ఒక అంచనా వచ్చింది. అది అంచనా మాత్రమే, ఇంకా జవాబు కాదు.

మొదటి రెండు వరుసలే ఈ చీటీలో ప్రాణం మీదికి తెచ్చేవి. రెండు పేర్లూ ‘ఫోల్’ అనే మొదలయ్యాయి. ఆ తర్వాత ఒకదానిలో రెండు మూడు వంకరలు, ఇంకొకదానిలో ఒక సాగదీసిన గీత. మొదటిదాని పక్కన 7.5 అని, రెండోదాని పక్కన 5 అని ఉంది. మొదటిదాని చివర ‘ఓ’ అనే ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన ఇంకో అక్షరం. అది రోజుకోసారి అని చెప్పే డీ కావచ్చు, వారానికోసారి అని చెప్పే డబ్ల్యూ కావచ్చు. పక్కన నాలుగు వారాలు అని ఉంది.

మన షాపుల్లో ‘ఫోల్’తో మొదలయ్యే పేర్లలో రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఫోలిట్రాక్స్, ఇంకొకటి ఫోల్‌వైట్. రెండోది ఫోలిక్ ఆమ్లం, గర్భిణులకు కూడా ఇచ్చే విటమిన్. మొదటిది మెథోట్రెక్సేట్. కీళ్ళవాతాన్ని అదుపులో పెట్టే గట్టి మందు అది, పెద్ద మోతాదుల్లో క్యాన్సర్‌కు కూడా వాడతారు. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకోకూడదు. ఈ మందు వల్ల ఒంట్లో ఫోలిక్ ఆమ్లం పని కుంటుపడుతుంది కాబట్టే డాక్టర్లు తోడుగా ఫోల్‌వైట్ రాస్తారు. అందుకే ఈ రెండు పేర్లూ ఒకే చీటీలో, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఒకటి వారానికోసారి వేసుకునే గట్టి మందు, ఇంకొకటి తరచుగా వేసుకునే విటమిన్. ఈ రెండు తారుమారైతే రోగి మెథోట్రెక్సేట్ రోజూ మింగుతూ, ఫోలిక్ ఆమ్లం వారానికోసారి వేసుకుంటుంది.

లెక్క చూస్తే ప్రమాదం ఎంతదో తెలుస్తుంది. వారానికి 7.5 మిల్లీగ్రాములు పోవలసిన చోట రోజూ ఒక మాత్ర చొప్పున ఏడు రోజులకు 52.5 మిల్లీగ్రాములు పోతాయి. ఎముకల మజ్జలో రక్తకణాలు తయారయ్యే పని మందగిస్తుంది. నోటిలో పుండ్లు, గొంతు నొప్పి, జ్వరం, విరేచనాలు, చిగుళ్ళ నుంచి రక్తం, చర్మం మీద ఎర్రటి చుక్కలు మొదలవుతాయి. చాలామంది వీటిని ఎండదెబ్బ అనో వేడి చేసిందనో అనుకుని మజ్జిగ తాగుతూ ఇంకో మాత్ర వేసుకుంటారు. ఈ తప్పు వల్ల ప్రపంచంలో అనేక దేశాల్లో మరణాలు నమోదయ్యాయి. మందుల భద్రత మీద పనిచేసేవాళ్ళు మెథోట్రెక్సేట్‌ను ప్రత్యేకంగా చూడడానికి కారణం ఇదే.

ఏ ఆధారంతో నమ్మాలి

మరి ఆ రెండు వరుసలను ఎలా విడదీయాలి? ముందు పవర్ చూడాలి. ఫోలిట్రాక్స్ 2.5, 5, 7.5, 10, 15 ఇలా పలు పవర్లలో దొరుకుతుంది. ఫోల్‌వైట్ మాత్ర మామూలుగా 5 మిల్లీగ్రాములది. కాబట్టి 7.5 అని ఉన్న మొదటి వరుస ఫోల్‌వైట్ కాదు. ఇక్కడ ఒక చిక్కుంది. ఫోలిట్రాక్స్‌లో కూడా 5 ఉంది కాబట్టి డాక్టరు ఆ పవర్ రాసి ఉంటే ఈ ఆధారం చేతికి అందేది కాదు. రెండు వరుసల్లోనూ 5 ఉన్న చీటీని పవర్ చూసి విడదీయలేం.

తర్వాత మాత్రల సంఖ్య. చాలామంది పట్టించుకోని ఆధారమిది. నాలుగు వారాలకు మొత్తం నాలుగు మాత్రలు అని ఎక్కడైనా ఉంటే ఆ అక్షరం డబ్ల్యూ, అంటే వారానికోసారి. ఇరవై ఎనిమిది అని ఉంటే వెంటనే అనుమానించాలి. మన చీటీలో సంఖ్య లేదు. అయితే రోగి సంచిలో పాత బిల్లు, చివరి మాత్ర మిగిలిన పాత స్ట్రిప్ ఉండొచ్చు. చీటీలో పేరుండాల్సిన చోట గీత మిగిలినా, స్ట్రిప్ మీద మందు అసలు పేరు అచ్చులో ఉంటుంది. అందుకే చీటీ తెచ్చినవాళ్ళను మొదట అడగవలసింది "పాత షీటు ఉన్నదా అమ్మా?" అని.

ఆ తర్వాత రోగిని అడగాలి. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడగకూడదు. "వారానికి ఒకటే కదా?" అంటే చాలామంది తలూపుతారు, ఎందుకంటే ఎదుటివాడికి తెలుసనుకుంటారు. "ఈ గోలీ ఏ రోజు వేసుకుంటున్నవు?" అని అడగాలి. "ఆదివారం" అంటే ఒక దారి. "రోజూ పొద్దున" అంటే ఇంకో దారి. రెండో జవాబు వస్తే మందు అమ్మడం ఆపి, మనిషిని ఆసుపత్రికి పంపాలి.

ఇన్ని ఆధారాలు కుదిరినా, మెథోట్రెక్సేట్ విషయంలో ఆ అక్షరం స్పష్టంగా లేకపోతే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. కీళ్ళవాతానికి ఇది రోజూ ఇవ్వరని ఫార్మసిస్టుకు తెలుసు. అయినా ఏ రోజు వేసుకోవాలి, ఒకే మాత్రా లేక ఆ రోజు రెండు పూటలుగానా, ఫోల్‌వైట్ ఆ రోజు మానాలా అనేవి ఆయనకు తెలియవు. డాక్టర్లందరూ ఒకే పద్ధతి పాటించరు. ఊహ సరైనదైనా, ఆ ఊహలో రోగికి కావాల్సిన రోజు లేదు.

ఇక ఆరో వరుస. ఇది నా దృష్టిలో మొత్తం చీటీలో అందరూ నేర్చుకోవాల్సిన వరుస. మొదట ‘ఎస్’ లాంటి అక్షరం, తర్వాత కొండల వరుసలా ఒక గీత, పక్కన 500, మధ్యాహ్నం ఒకటి. చూడగానే ఎవరికైనా షెల్‌కాల్ 500 అని తోస్తుంది. కాల్షియం మాత్ర. స్టెరాయిడ్ వాడేవాళ్ళకు ఎముకలు గుల్లబారకుండా ఇస్తారు. జబ్బుతో పొసిగింది, పవర్ పొసిగింది, పూట పొసిగింది. ఇచ్చేయొచ్చు అనిపిస్తుంది.

అయితే కీళ్ళవాతానికే వాడే సాజ్ 500 అని ఇంకో మందుంది. అది సల్ఫాసలజీన్. అదీ ‘ఎస్’తోనే మొదలవుతుంది. అదీ 500 పవరే. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్‌లతో కలిపి మూడో మందుగా కీళ్ళ డాక్టర్లు రాస్తారు. మొదట్లో రోజుకు ఒకటితో మొదలుపెట్టి మెల్లగా పెంచడం కూడా ఉంది. అంటే జబ్బు, పవర్, పూట అన్నీ దీనికీ అంతే చక్కగా పొసుగుతాయి. సల్ఫా మందులు పడని మనిషికి ఇది ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లు, బొబ్బలు లేచి పరిస్థితి చేయి దాటొచ్చు. సల్ఫాసలజీన్ అవసరమైన రోగికి కాల్షియం ఇస్తే జబ్బు అదుపు తప్పి కీళ్ళు వంకరపోతాయి, మందు పనిచేయలేదని డాక్టరు ఇంకో గట్టి మందు రాస్తాడు.

ఇక్కడ తెలివితేటలు, అనుభవం రెండూ ఒక హద్దు దగ్గర ఆగిపోతాయి. ఆధారాలన్నీ ఇద్దరు అభ్యర్థులకూ సమానంగా ఓటేశాయి. ఇక తేల్చగలిగింది రాసిన మనిషి ఒక్కరే. మంచి ఫార్మసిస్టు ఇక్కడ పెన్ను తీసి జాబితాలో ‘ఎస్’ అని రాసి, తర్వాత చుక్కలు పెట్టి, 500, మధ్యాహ్నం ఒకటి, ‘అడగాలి’ అని రాస్తాడు. కనపడింది రాస్తాడు, తోచింది రాయడు. షెల్‌కాల్ అని ఒకసారి కాగితం మీద పడితే తర్వాత చదివేవాళ్ళందరికీ అది డాక్టరు మాటే అవుతుంది. ఆ ప్రశ్నార్థకం ఇంకెవరికీ కనపడదు.

తోకలు, చుక్కలు, సున్నాలు

పేరు మొత్తం చదివినా తోక చదవకపోతే మందు మారిపోతుంది. మన దేశంలో ఒకే పేరు కింద కంపెనీలు నాలుగైదు కలయికలు అమ్ముతాయి. చక్కెర జబ్బుకు గ్లైకోమెట్ 500 అంటే ఒక్క మెట్‌ఫార్మిన్. గ్లైకోమెట్ జీపీ 1 అంటే దానితో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంటుంది. మొదటిది ఒంటరిగా చక్కెరను ప్రమాదకరంగా పడేయడం అరుదు. రెండోది వేసుకుని, పొద్దున గట్కో జావో తాగి మధ్యాహ్నం దాకా కంది చేనులో ఉండే ముసలాయనకు చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, స్పృహ తప్పొచ్చు. తోక చెదిరి ఉంటే పేరు తెలిసినట్టు కాదు. ఆ వరుస కూడా ‘అడగాలి’ అన్న గడిలోకే పోవాలి. బీపీకి టెల్మా, టెల్మా హెచ్, టెల్మా ఏఎం అన్న మూడింటికీ ఇదే మాట.

అంకెల్లో చుక్క కూడా ఇలాంటిదే. 0.5 రాయడానికి బదులు సున్నా లేకుండా చుక్క, అయిదు రాస్తే, చుక్క కాగితం మడతలో పోయి 5 అవుతుంది. 5 రాయడానికి 5.0 అని రాస్తే 50 అవుతుంది. ఇన్సులిన్ యూనిట్లకు ఇంగ్లీషు ‘యూ’ అక్షరం రాస్తే, 4 పక్కన అది సున్నాలా కనపడి 40 అవుతుంది. ఇంజక్షన్ ఇన్సులిన్ విషయంలో అంకె మీద ఏ మాత్రం సందేహమున్నా సూది వేయకూడదు. థైరాయిడ్ మాత్రల్లో 25, 50, 100 అన్నవి మైక్రోగ్రాములు. జాబితా రాసేవాళ్ళు అలవాటు చొప్పున ఎంజీ అని రాస్తే వెయ్యి రెట్లు తేడా వస్తుంది.

పవర్, పూటల లెక్క సరిచూడకపోతే ఏమవుతుందో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఒడెస్సాలో జరిగిన ఒక కేసు చెబుతుంది. 1995లో గుండెనొప్పితో వచ్చిన రామోన్ వాస్క్వెజ్ అనే వ్యక్తికి డాక్టరు ఐసార్డిల్ 20 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి అని చేత్తో రాశాడు. షాపులో అది ప్లెండిల్ అని చదివారు. ప్లెండిల్ బీపీ మందు. రోజుకు ఒకసారి వేసుకునేది, ఎక్కువలో ఎక్కువ 10 మిల్లీగ్రాములు. చీటీ ప్రకారం ఇస్తే రోజుకు 80 మిల్లీగ్రాములు, ఎనిమిది రెట్లు. వాస్క్వెజ్‌కు గుండెపోటు వచ్చింది, కొద్ది రోజులకే చనిపోయాడు. 1999లో జ్యూరీ డాక్టరునూ ఫార్మసిస్టునూ ఇద్దరినీ బాధ్యులను చేసి నాలుగున్నర లక్షల డాలర్ల పరిహారం విధించింది. పేరు తప్పు చదవడం ఎవరికైనా జరగొచ్చు. ఆ పేరుకు ఆ మోతాదు ఉంటుందా అని ఒక్కసారి సరిచూసుంటే ఆ సీసా కౌంటరు దాటేది కాదు.

ఫోన్ ఎలా చేయాలి

చీటీ తల మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి ఫోను ఉంటాయి. ఫోన్ చేసి "మీ చీటీ అర్థం కాలేదు" అంటే అవతల విసుగు తప్ప జవాబు రాదు. రోగి పేరు, తేదీ, జబ్బు చెప్పాలి. "ఆరో మందు షెల్‌కాలా, సాజా?" అని మాత్రం అడగకూడదు. ఓపీలో హడావుడిగా ఉన్న మనిషి మొదట వినపడ్డదానికి "ఆ, అదే" అనేస్తాడు. "ఆరో మందు ‘ఎస్’తో మొదలవుతుంది, 500, మధ్యాహ్నం ఒకటి, ఏం రాశారు సార్?" అని అడగాలి. జవాబు చెప్పాక అదే మాట మనం తిరిగి చదివి వినిపించాలి. బ్రాండు పేరుతో పాటు లోపలి మందు పేరు కూడా అనాలి: సాజ్, అంటే సల్ఫాసలజీన్. అంకెలను తెలుగులో చెప్పుకుంటే మంచిది. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. పదిహేనూ యాభై ఎవరికీ కలగలసిపోవు. కన్నడ డాక్టరుతో మాట్లాడుతుంటే అంకెను విడగొట్టి, ఒకటి, అయిదు అని చెప్పాలి.

వాట్సాప్‌లో ఫోటో పంపడం ఇప్పుడు మామూలైంది. మొత్తం చీటీ పంపాలి, ఒక్క వరుసే కత్తిరించి కాదు. రాసినాయనకు కూడా జబ్బు, మిగతా మందులు కనపడితేనే గుర్తొస్తుంది. జవాబు కూడా రాతలో అడిగి తీసుకోవాలి. తర్వాత చీటీ మీద డాక్టరు రాతను దిద్దకుండా, పక్కన విడిగా, ఎవరు చెప్పారు, ఏ రోజు, ఎన్ని గంటలకు అని రాసి సంతకం చేయాలి.

ఫోన్ దొరకకపోతే? స్పష్టంగా ఉన్న మూడింటిలో పది రోజుల గడువు అయిపోయిన రెండూ వదిలి హెచ్‌సీక్యూఎస్ ఇచ్చి, అర్థం కాని మూడూ ఆపడం మన చీటీలో సరైన పని. మెథోట్రెక్సేట్ ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ప్రమాదం రాదు, తప్పుగా రోజూ వేసుకుంటే వస్తుంది. కాబట్టి ఆగడమే మేలు. కానీ ప్రతి మందుకూ ఇది వర్తించదు. ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, గుండెకు స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి, చాన్నాళ్ళుగా వాడుతున్న స్టెరాయిడ్, ఇలాంటివి ఆపితే ఆపడమే ప్రమాదం. అర్థం కాని వరుస వీటిలో ఒకటి కావచ్చని అనిపిస్తే "రేపు రా" అని పంపకూడదు. చీటీ, పాత స్ట్రిప్పులు పట్టుకుని అదే పూట తాండూరు జిల్లా ఆసుపత్రికో వికారాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికో పంపాలి. అక్కడి డాక్టరు మనిషిని చూసి కొత్తగా రాస్తారు.

చట్టం ఎవరి పక్షం

ఈ విషయాన్ని కోర్టు దాకా తీసుకుపోయింది మన తెలంగాణ ఫార్మసిస్టే. నల్గొండ జిల్లాలో మెడికల్ షాపు నడిపే చిలుకూరి పరమాత్మ 2014లో హైదరాబాద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అర్థం కాని చేతిరాత చీటీలు ఉండకూడదన్నది ఆయన పోరాటం. 2016లో మెడికల్ కౌన్సిల్ తన నీతి నియమావళిని సవరించింది. ప్రతి డాక్టరూ మందులను జెనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో రాయాలన్నది ఆ సవరణ. 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, అర్థమయ్యే చీటీ పొందడం రోగి ప్రాథమిక హక్కులో భాగమేనంది.

షాపు వైపు బాధ్యత కూడా రాతలోనే ఉంది. 1945 నాటి ఔషధ నిబంధనల్లోని 65వ నిబంధన ప్రకారం చీటీలో డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తం ఎంత, మోతాదెంత అన్నవన్నీ ఉండాలి. షెడ్యూల్ హెచ్ మందు రాసిన చోట దానికి బదులు ఇంకోటి ఇవ్వకూడదని అదే నిబంధన చెబుతుంది. "అది లేదు, ఇదీ అట్లనే పనిచేస్తది" అన్న మాటకు చట్టంలో చోటు లేదు. అర్థం కాని చీటీని వెనక్కి పంపిన ఫార్మసిస్టు మీద కోపం తెచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఆయన ఒక గిరాకీని పోగొట్టుకుని మరీ తన పని చేశాడు.

మన చీటీలోని మహిళకు కావలసింది ఇప్పుడు ఒక జాబితా. అచ్చ తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక్కో వరుసకు మందు పేరు, పవర్, దేనికి, ఎప్పుడు, ఎన్ని రోజులు. మెథోట్రెక్సేట్ వరుసలో ‘వారానికి ఒకసారి’ అని కాక, డాక్టరు చెప్పిన రోజు పేరు, ఆదివారమైతే ‘ఆదివారం మాత్రమే’ అని ఉండాలి. ఈ కాగితం ఆమె చీటీతో పాటు ఎక్కడికి పోయినా వెంట ఉండాలి. జ్వరమొచ్చి ఊళ్ళో ఇంకొకరి దగ్గరికి పోయినప్పుడు ఈ కాగితం లేకపోతే, ఆమె మెథోట్రెక్సేట్ వాడుతోందని తెలియక సెప్ట్రాన్ లాంటి మాత్ర ఇవ్వొచ్చు. ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ మాత్ర వేసుకోక ముందే ఎదుటివాళ్ళ చేతిలో పెట్టడానికే ఈ జాబితా.

డాక్టర్లకు ఒక్క విన్నపం. మెథోట్రెక్సేట్ రాసేటప్పుడు ఓడబ్ల్యూ అని రాయకండి. రోజు పేరు రాయండి, మొత్తం ఎన్ని మాత్రలో రాయండి.

చదువుతున్న మీకూ ఒక మాట. ఇంట్లో కీళ్ళవాతానికి మందులు వాడేవాళ్ళుంటే, మందుల డబ్బా తెరిచి స్ట్రిప్పుల వెనక మెథోట్రెక్సేట్ అనే పేరుందేమో చూడండి. ఉంటే దాన్ని ఏ రోజు వేసుకుంటున్నారో అడగండి. జవాబు రోజు పేరు కాకుండా "రోజూ" అని వస్తే, ఆ మాత్ర ఇంకొకటి వేయనివ్వకండి. నోటిలో పుండ్లు ఉన్నా లేకపోయినా, స్ట్రిప్పూ చీటీ తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రక్తపరీక్ష చేయించాలని, ఎన్ని రోజుల నుంచి రోజూ వేసుకున్నారో డాక్టరుకు చెప్పండి. దీనికి ఫోలినిక్ ఆమ్లం అనే విరుగుడు ఉంది. అది ఎంత తొందరగా అందితే అంత బాగా పనిచేస్తుంది.